ఆసుపత్రి పక్క లాడ్జిలో పేషెంట్ తాలూకా వాళ్ళకు గదిలో పెట్టే కాగితం ఎలా రాయాలి?

ప్రశ్న: శ్రీకాకుళంలో ఆసుపత్రులున్న వీధిలోనే మా మావయ్యకు 14 గదుల లాడ్జి ఉంది. ఈ మధ్యనే నేను చూసుకోవడం మొదలుపెట్టాను. దిగేవాళ్ళలో సగానికి పైగా పేషెంట్ల తాలూకా వాళ్ళే. భోజనం ఎక్కడ దొరుకుతుంది, బట్టలు ఎక్కడ ఉతుక్కోవాలి, డిశ్చార్జి ఎప్పుడో తెలీదు కదా ఇంకో రోజు ఉండొచ్చా, రోజంతా ఇవే ప్రశ్నలు. గదిలో ఒక వెల్కమ్ నోట్ పెడదామనుకుంటున్నాను. నెట్‌లో చూసినవన్నీ టూరిస్టులకు రాసినట్టున్నాయి. ఇలాంటివాళ్ళకు ఏం రాయాలి సార్?

జవాబు:

తమ్ముడూ, ముందు ఏం రాయకూడదో చెబుతాను. కింద "మళ్ళీ రండి" అని మాత్రం రాయకు. నేను మొదట్లో డీటీపీ అబ్బాయి ఇచ్చిన నమూనా అలాగే అచ్చు వేయించి గదుల్లో పెట్టాను. "మీ బస ఆనందంగా సాగాలని కోరుకుంటూ, మళ్ళీ మళ్ళీ రావాలని ఆశిస్తూ" అని పూల బోర్డరు కూడా. టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ కాగితాన్ని బోర్లా తిప్పి, మీద నీళ్ళ చెంబు పెట్టాడు. రూమ్ బాయ్ తిరగేస్తే మళ్ళీ బోర్లించాడట. ఆసుపత్రి మెట్లు దిగేటప్పుడు "వెళ్ళొస్తాను" అనడానికే నోరు రాదు మనవాళ్ళకి. అలాంటివాళ్ళ మంచం పక్కన మనం పెట్టింది ఏమిటో అప్పుడు తెలిసింది. "స్వాగతం" అన్న మాట కూడా నేను వాడను. "అమ్మా, అయ్యా, ముందు కాస్త కూర్చోండి. వేడినీళ్ళు కావాలంటే 9 నొక్కండి" అని మొదలుపెడతాను.

నేను ఈ ఊళ్ళో 19 ఏళ్ళు లాడ్జి కౌంటర్లో కూర్చున్నాను. నా లెక్కలో ఆ కాగితం పని పలకరించడం కాదు, మాట ఇవ్వడం. రాసిన ప్రతి ముక్కా రాత్రి రెండింటికి నీ నైట్ బాయ్ ఒక్కడే ఉన్నప్పుడు కూడా జరగాలి. జరగదనిపిస్తే రాయకు. నువ్వు అడిగిన మూడింటిలో గది సంగతే కష్టం, అందుకని దానితోనే మొదలుపెడతాను.

టూరిస్టు ఎప్పుడొస్తాడో, ఎప్పుడు వెళ్తాడో అతనికి తెలుసు. వీళ్ళకి రెండూ తెలీవు. తెల్లవారుజామున 108లో పేషెంటుతో వస్తారు, క్యాజువాలిటీలో రెండు గంటలు నిలబడి, ఎవరో చెబితే మన దగ్గరికి నడుచుకుంటూ వస్తారు. మధ్యాహ్నం 12 చెకౌట్ పద్ధతి పెట్టుకుంటే వాళ్ళు వచ్చిన ఏడు గంటలకే ఒక రోజు అయిపోతుంది. నా దగ్గర నిజంగా వచ్చిన లెక్క ఒకటి చెబుతాను. కంచిలి దగ్గర ఊరి నుంచి అన్నదమ్ములిద్దరు తల్లిని తీసుకొచ్చారు. మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకి గదిలో దిగారు. శుక్రవారం ఉదయం రౌండ్స్‌లో డాక్టర్ "ఈరోజు పంపించేస్తాం" అన్నారు. కాగితాలు చేతికొచ్చి, మందులు తీసుకుని, వాళ్ళు గది తాళం ఇచ్చేసరికి మధ్యాహ్నం మూడున్నర. గది రోజుకి 900.

12 గంటల చెకౌట్ లెక్కలో మంగళవారం మధ్యాహ్నానికే ఒకటి, శుక్రవారం మధ్యాహ్నానికి నాలుగు, ఆ తర్వాత మూడున్నర గంటలకి ఐదోది. 4,500. దిగిన గంట నుంచి 24 గంటల లెక్క వేస్తే శుక్రవారం నాలుగున్నరకి మూడు రోజులు పూర్తి, పైన 11 గంటలు. 12 గంటల లోపు ఉంటే సగం అద్దె అన్నది నా పద్ధతి, కాబట్టి డిశ్చార్జి రోజుకి విడిగా మినహాయింపు ఇవ్వకపోయినా మూడున్నర రోజులే, 3,150. తేడా 1,350. ఆ డబ్బు మనకి ఒక గది, ఒకటిన్నర రోజు. వాళ్ళకి ఊరికి వెళ్ళే కారు కిరాయిలో పెద్ద ముక్క.

దీనికి మన వైపు ఖర్చు లేకపోలేదు. గదులు అన్నీ ఒకే వేళకి ఖాళీ కావు కాబట్టి శుభ్రం చేసేవాళ్ళు రోజంతా ఉండాలి. ఒక్క షిఫ్టు మనిషితో 24 గంటల పద్ధతి నడపలేవు. నీకు సాయంత్రం కూడా మనిషి దొరికితేనే ఇది రాయి. లేకపోతే 12 గంటల చెకౌటే ఉంచి, "డిశ్చార్జి రోజున రాత్రి 8 దాకా అదనపు అద్దె లేదు" అని రాయి. అదీ మంచి మాటే.

డిశ్చార్జి రోజు గురించి ఎందుకు విడిగా చెబుతున్నానంటే, ఆ రోజు ఎవరి చేతిలోనూ ఉండదు. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి కంపెనీ ఆఖరి అప్రూవల్ 3 గంటల్లో ఇవ్వాలని ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. కానీ ఆ గడియారం తిరగడం మొదలయ్యేది ఆసుపత్రి కాగితాలు పంపిన తర్వాత. డాక్టర్ రౌండ్స్, సమ్మరీ టైపింగ్, ఫార్మసీ లెక్క, ఇవన్నీ అంతకు ముందే ఉంటాయి. ఉదయం పదింటికి "వెళ్ళిపోతున్నాం" అని సంచులు సర్దుకున్నవాళ్ళు సాయంత్రం ఆరింటికి కూడా ఆసుపత్రి బెంచీ మీదే ఉంటారు. గది ఖాళీ చేయించేస్తే మధ్యలో వాళ్ళతో వచ్చిన ముసలావిడ బాత్రూమ్‌కి ఎక్కడికి వెళ్తుంది?

"ఎన్ని రోజులైనా ఉండండి" అని మాత్రం రాయకు. అది నేను చేసిన తప్పు. అరసవల్లి రథసప్తమి సంగతి నీకు తెలుసు కదా, ఆ రోజుల్లో ఊళ్ళో మంచం దొరకదు. ఒక ఏడాది నెలల ముందే బుకింగులు తీసుకున్నాను, గదిలో ఉన్న కాగితం మాత్రం "ఎన్ని రోజులైనా" అంటోంది. భర్త ఐసీయూలో ఉన్న ఒక అమ్మాయిని సప్తమి ముందు రాత్రి ఇంకో లాడ్జికి మార్చాల్సి వచ్చింది. ఆ అమ్మాయి గొడవ చేయలేదు, కాగితం చదివి వినిపించింది అంతే. ఆ తర్వాత నుంచి నేను మొత్తం గదుల్లో నాలుగు ఏ పండగకీ బుకింగ్‌కి ఇవ్వను. నీకు 14 ఉన్నాయి కాబట్టి నీకూ నాలుగు సరిపోతాయి. మిగతా గదుల్లో ఉన్నవాళ్ళకి రథసప్తమికి వారం ముందే నోటితో చెప్పి, కావాలంటే ఆ నాలుగింటిలోకి మారుస్తాం. అరసవల్లికి ఆదివారాలు వచ్చే జనం గురించి కూడా శనివారం నాటికి ఆలోచించుకో.

ఇంకో సంగతి కాగితంలో చెప్పీ చెప్పనట్టు చెప్పాలి. కొన్నిసార్లు రాత్రికి రాత్రి విశాఖ తీసుకుపొమ్మంటారు. కొన్నిసార్లు ఇక తీసుకుపోవడానికేమీ ఉండదు. రెండోది కాగితం మీద ఏ రూపంలోనూ రాకూడదు. రెంటికీ కలిపి ఒకే వాక్యం చాలు: "ఏ వేళలోనైనా ఉన్నపళంగా బయల్దేరాల్సి వస్తే సామాను అలాగే వదిలి వెళ్ళండి, లెక్క తర్వాత చూసుకుందాం." నైట్ బాయ్‌కి మాత్రం విడిగా చెప్పి ఉంచు. అడ్వాన్స్‌లో మిగిలింది ఉంటే అప్పుడే ఫోన్‌పేలోనో, కౌంటర్లో విడిగా పెట్టిన డబ్బులోంచో ఇచ్చేయాలి. "ఓనర్ పొద్దున వస్తారు" అనకూడదు. సామాను సర్ది, గది నంబరు రాసి, నెల దాకా దాచాలి. ఒకసారి మా దగ్గర ఒక చేతికర్ర మూడు వారాలుంది. కొడుకు వచ్చి తీసుకున్నాడు, మేమూ ఏమీ అడగలేదు.

ఇక భోజనం. మన ఊళ్ళో హోటళ్ళకి కొరత లేదు కాబట్టి రుచుల జాబితా అనవసరం. వాళ్ళకి కావలసింది వేళలు. ఐసీయూలోకి పంపే టైము, వార్డు అటెండెంట్ పాస్ మార్చుకునే టైము, వీటి మధ్యలో తినాలి. నీ చుట్టుపక్కల ఆసుపత్రులకి ఒకసారి నడిచి వెళ్ళి ఆ టైములు రాసుకో. నీ వంట వాటి చుట్టూ తిరగాలి. మా దగ్గర ఉదయం 5 నుంచి ఫ్లాస్కులో వేడినీళ్ళు, ఆరున్నరకి ఇడ్లీ, పదకొండు ముప్పావుకి క్యారేజీ కట్టి కౌంటర్ మీద. రాత్రి పదిన్నర దాకా రెండు కూరలున్న ప్లేటు ఉంచుతాం. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి పెరుగన్నం, ఆవకాయ. అదీ లేదనే మాట ఉండదు. చోడి అంబలి కూడా పెట్టు. నాలుగు రోజులు హోటల్ తిండి తిన్న పల్లెటూరి మనిషికి దాన్ని మించింది లేదు.

క్యారేజీ మీద కట్టిన టైము చాక్‌పీసుతో రాయి. వండిన అన్నం కూర బయట రెండు గంటలు మించి ఉంచితే, ముఖ్యంగా మన ఎండల్లో, పాడవడం మొదలవుతుంది. పైకి వాసన కూడా రాదు. అటెండెంటు మధ్యాహ్నం క్యారేజీనే దాచి రాత్రి తిని, మర్నాడు విరేచనాలతో అదే ఆసుపత్రిలో చేరిన సందర్భం నేను చూశాను.

పేషెంటుకి పత్యం వండిపెడతాం అని రాయాలా అంటే, జాగ్రత్తగా రాయి. పత్యం ఏమిటో మనం తేల్చకూడదు. "డాక్టర్ గానీ డైటీషియన్ గానీ రాసిచ్చిన చీటీ చూపిస్తే ఆ ప్రకారం వండుతాం" అని అంతవరకే. ఆపరేషన్ అయినవాళ్ళకి నోటికి ఏమీ ఇవ్వొద్దని చెప్పి ఉంటారు, ఇంటివాళ్ళు జాలిపడి గంజి పోస్తారు. నర్సుని అడిగి ఇవ్వండి అన్న ఒక్క మాట ఉండాలి.

మన జిల్లాకి ప్రత్యేకమైనది కిడ్నీ సంగతి. ఉద్దానం వైపు నుంచి, కవిటి, సోంపేట, పలాస నుంచి వచ్చేవాళ్ళు మన లాడ్జిల్లో ఎప్పుడూ ఉంటారు. కొబ్బరి తోటల దేశం అది. పేషెంటుకి చలవ చేస్తుందని సొంత చెట్టు బొండాలు గోనెసంచిలో వేసుకుని వస్తారు. డయాలసిస్ మీద ఉన్న మనిషికి ఆ నీళ్ళే ప్రమాదం. బొండాం నీళ్ళలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. అరటిపండు, పళ్ళరసాలదీ అదే కథ. మా వంటమనిషి ఒకసారి మంచి ఉద్దేశంతోనే "తక్కువ సోడియం ఉప్పు" ప్యాకెట్ కొని కిడ్నీవాళ్ళ పప్పులో వేసింది. అదృష్టం, ఒక డైటీషియన్ ప్యాకెట్ వెనక చదివి ఆపింది. సోడియం తగ్గించి ఆ స్థానంలో పొటాషియం కలుపుతారు అందులో. ఉప్పు లేకుండా కావాలంటే దారి తేలిక. పప్పు ఉడికాక ఉప్పు వేయకముందే ఒక గిన్నె తీసి పక్కన పెట్టి, దానికి విడిగా తాలింపు వేయాలి. అంతే చెయ్యి, అంతే రాయి.

బట్టల గురించి ఎవరూ నోరు తెరిచి అడగరు, అసలు ఇబ్బంది అక్కడే. ఒక ఉదయం మూడో నంబరు గదిలో ఫ్యాను రెక్కకి చీర కట్టి ఆరేసి ఉంది. చీర కుచ్చిళ్ళ దగ్గర గోధుమ రంగు మరక. కూతురి కాన్పుకి వచ్చిన తల్లి. రాత్రంతా గీజర్ నీళ్ళలో ఉతికిందట, ఎంత రుద్దినా పోలేదని ఏడుస్తోంది. రక్తం మరక వేడినీళ్ళు తగిలితే గుడ్డకి పట్టేసుకుంటుంది, గుడ్డు ఉడికి గట్టిపడినట్టే. ముందు చన్నీళ్ళలో అరగంట నానబెట్టి, మామూలు సబ్బుతో చన్నీళ్ళలోనే వదలగొట్టాలి. మరక పోయాకే వేడినీళ్ళ ఉతుకు, తర్వాత ఎండ. ఈ రెండు ముక్కలు కాగితంలో ఉంటే ఆవిడకి చీర మిగిలేది.

ఇప్పుడు మేం ప్రతి గదిలో రెండు సంచులు పెడతాం. తెల్లది మామూలు బట్టలకి, నల్లది రక్తం, వాంతి, మూత్రం అంటినవాటికి. నల్ల సంచిలో ఏముందో ఎవరూ అడగరు అని కాగితంలో రాశాం. ఉతికే మనిషికి చేతికి గ్లౌజులు ఉంటాయి, ఆ సంచివి మిగతావాటితో కలపదు, లాడ్జి దుప్పట్లతో అసలే కలపదు. బ్లీచింగ్ మన తెల్ల దుప్పట్లకే, గెస్టుల రంగు బట్టలకి వెయ్యొద్దు. ప్రతి బట్టకీ గది నంబరు రాసిన గుడ్డ ముక్క పిన్నీసుతో గుచ్చు. ఇద్దరు అటెండెంట్ల లుంగీలు ఒకేలా ఉంటాయి, మారిపోతే ఆ చిరాకు సమయంలో చిన్న గొడవ కాదు.

వానాకాలంలో "అదే రోజు ఇస్తాం" అని మాట ఇవ్వకు. అక్టోబర్‌లో తుపాను పట్టిందంటే మూడు రోజులు ఆరవు. తామే ఉతుక్కునేవాళ్ళకి డాబా మీద తాడు, క్లిప్పులు, ఒక బకెట్టు ఇవ్వు. వర్షానికి వరండాలో ఇంకో తాడు. గదిలో తాడు కడితే గోడ చెమ్మ పట్టి నీకే ఖర్చు.

ఇంక కాగితం ఇదిగో, మా గదుల్లో ఉన్నదాన్నే నీ లాడ్జికి సరిపోయేలా మార్చి ఇస్తున్నాను. అద్దెలు, టైములు నీవి వేసుకో.

"అమ్మా, అయ్యా, ముందు కాస్త కూర్చోండి. తాగడానికి, స్నానానికి వేడినీళ్ళు ఉదయం 5 నుంచి. ఏం కావాలన్నా ఫోన్‌లో 9 నొక్కండి, రాత్రయినా మనిషి ఉంటాడు.

అద్దె మీరు దిగిన గంట నుంచి 24 గంటలకి ఒక రోజు. పైన 12 గంటల లోపు అయితే సగమే. డిశ్చార్జి రాసిన రోజు కాగితం చూపిస్తే రాత్రి 8 దాకా ఉండండి, అదనంగా ఏమీ తీసుకోం. ఇంకా ఎన్నాళ్ళో తెలియకపోతే రోజూ ఉదయం ఒకసారి చెప్పండి చాలు. రథసప్తమి, ఆదివారాల రద్దీకి గది మారాల్సి వస్తే ముందే చెబుతాం, బయటికి మాత్రం పంపం. ఏ వేళలోనైనా ఉన్నపళంగా బయల్దేరాల్సి వస్తే సామాను అలాగే వదిలి వెళ్ళండి, లెక్క తర్వాత చూసుకుందాం.

గదిలో ఇద్దరు పడుకోవచ్చు. వంతులవారీగా మారేవాళ్ళందరి పేర్లు, ఆధార్ ఒకేసారి రాయించండి, తర్వాత తాళం ఎవరడిగినా ఇస్తాం. చూడ్డానికి వచ్చిన బంధువులు స్నానం చేసి, సాయంత్రం దాకా కూర్చోవచ్చు.

టిఫిన్ 6.30కి, ఆసుపత్రికి క్యారేజీ 11.45కి, రాత్రి భోజనం 10.30 దాకా. ఆ తర్వాత పెరుగన్నం ఉంటుంది. క్యారేజీ మీద టైము రాసి ఉంటుంది, రెండు గంటల్లో తినేయండి. పేషెంటుకి ఏది ఇచ్చినా ముందు నర్సుని అడగండి. కిడ్నీ పేషెంటుకి కొబ్బరినీళ్ళు, అరటిపండు, పళ్ళరసం డాక్టర్ని అడగకుండా ఇవ్వొద్దు. పత్యం చీటీ ఉంటే ఇవ్వండి, ఆ ప్రకారం వండుతాం.

ఉతకాల్సినవి ఉదయం 8 లోపు ఇస్తే ఎండ ఉన్న రోజు సాయంత్రానికి, వాన రోజుల్లో ఆరాకే వస్తాయి. మరకలైన బట్టలు నల్ల సంచిలో వేయండి, ఎవరూ ఏమీ అడగరు. రక్తం మరక మీరే ఉతుక్కుంటే చన్నీళ్ళతోనే మొదలుపెట్టండి. తాడు డాబా మీద, వానైతే వరండాలో.

మీ ఫోన్ కలవకపోతే ఉపయోగపడుతుంది, మా నంబరు కూడా వార్డులో రాయించండి. వాళ్ళు ఫోన్ చేస్తే ఏ రాత్రయినా వచ్చి తలుపు కొడతాం."

చివరి మాట ఎందుకంటే, మూడు రాత్రులు మేలుకున్న మనిషి నిద్రపోతే ఫోన్ మోగినా వినబడదు, చార్జింగ్ అయిపోయి ఉండొచ్చు కూడా. వార్డు నుంచి సంతకానికి పిలుస్తారు, రక్తం తెమ్మంటారు, మనిషి దొరకడు. నైట్ బాయ్‌కి తలుపు ఎలా కొట్టాలో కూడా నేర్పాలి. దబదబా బాదితే లోపలివాళ్ళ గుండె జారిపోతుంది. రెండుసార్లు మెల్లగా కొట్టి, "ఆసుపత్రి నుంచి పిలుస్తున్నారమ్మా, సంతకానికట" అని ఫోన్‌లో చెప్పిన కారణాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి. కారణం చెప్పకపోతే "రమ్మన్నారు" అనే అనాలి, సొంతంగా ఒక్క మాట కలపకూడదు.

అద్దె మీద జీఎస్టీ కలిసి ఉందో లేదో పక్కనే రాసెయ్. 2022 జూలై నుంచి వెయ్యి లోపు గదులకీ పన్ను వచ్చింది, 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 5 శాతం. నువ్వు రిజిస్ట్రేషన్‌లో ఉంటే కలిపిన మొత్తమే వేయి. బిల్లులో కొత్త అంకె కనబడితే నీ కాగితం మొత్తం అబద్ధంలా కనిపిస్తుంది.

అక్షరాలు పెద్దవిగా, ఒకే వైపు, లామినేషన్ చేయించి తలుపు లోపలి వైపు స్విచ్‌బోర్డు పక్కన అంటించు. టేబుల్ మీద పెడితే దాని మీద మందుల సంచి వస్తుంది. పర్లాకిమిడి వైపు నుంచి తెలుగు చదవలేనివాళ్ళు, అసలు చదువు రానివాళ్ళు చాలామంది వస్తారు. తాళం ఇచ్చేటప్పుడు కౌంటర్లో అబ్బాయి అద్దె లెక్క, భోజనం వేళలు, నల్ల సంచి, ఈ మూడూ నోటితో చెప్పాలి. అద్దె మారినప్పుడు పాత కాగితం మీద పెన్నుతో కొట్టేసి రాయకు, కొత్తది వేయించు. 14 కాగితాలే కదా.